బ్రోకరు చేతికిచ్చే ఆ ఒక్క పేజీ

ఓ మోస్తరు కంపెనీలో ఇన్సూరెన్స్ పాలసీ రెన్యువల్ జరిగే రోజు చూడండి. బ్రోకరు ఆఫీసు నుంచి వచ్చిన కుర్రాడు కాగితాల దొంతర బల్ల మీద పెడతాడు. ప్రపోజల్ ఫారం, కేవైసీ పత్రాలు, ప్రీమియం వివరాలు. వాటి మధ్యలో కంపెనీ లెటర్‌హెడ్ మీద ముందే టైపు చేసి ఉంచిన ఒక పేజీ ఉంటుంది. "మా పాలసీలకు, క్లెయిములకు సంబంధించి మా తరఫున అన్ని వ్యవహారాలూ చూడటానికి, సంప్రదింపులు జరపడానికి, పరిష్కరించుకోవడానికి, ఉత్తరాలు అందుకోవడానికి ఫలానా బ్రోకింగ్ సంస్థకు అధికారం ఇస్తున్నాం" అని అందులో రాసి ఉంటుంది. "ఇక్కడొక సంతకం సార్, ఇది మామూలు ఫార్మాటే" అంటాడు కుర్రాడు. డైరెక్టరు గారు సంతకం పెడతారు, స్టాంపు పడుతుంది, కాగితం ఫైల్లోకి పోతుంది. మళ్లీ ఆ కాగితం అవసరం పడేది గోదాములో నీళ్లు చేరిన రోజునో, మిషన్ కాలిపోయిన రోజునో.

ఆ పేజీనే ఆథరిటీ లెటర్ అంటారు. కొందరు మాండేట్ లెటర్ అనీ, ఆథరైజేషన్ లెటర్ అనీ అంటారు. అది చెడ్డ కాగితమేమీ కాదు. క్లెయిము నడపడం ఒక విద్య. పాలసీ షరతులు, సర్వేయర్ అడిగే పత్రాలు, తరుగుదల లెక్కలు తెలిసిన మనిషి మన పక్కన ఉండటం ఎంతో మేలు. ఆ మనిషి ఎవరో, ఎంతవరకు మన తరఫువాడో రాసి ఇవ్వకపోతే ఇన్సూరెన్స్ కంపెనీ అతనితో మాట్లాడదు, మాట్లాడకూడదు కూడా. మీ స్టాకు లెక్కలు, బ్యాంకు అప్పుల వివరాలు, ఉద్యోగుల గ్రూప్ హెల్త్ పాలసీ అయితే వాళ్ల ఆసుపత్రి కాగితాలు అడిగిన ప్రతివాడికీ ఇచ్చేవి కావు. కాబట్టి ఉత్తరం కావాలి. కాకపోతే "అన్ని వ్యవహారాలూ" అనే ఆ రెండు మాటలు ఎంత దూరం వెళతాయో సంతకం పెట్టేవారికి తెలిసి ఉండాలి.

ముందుగా బ్రోకరు ఎవరి మనిషి అన్నది స్పష్టం చేసుకుందాం. ఇన్సూరెన్స్ ఏజెంటు కంపెనీ తరఫున పాలసీలు అమ్మే మనిషి. బ్రోకరు అలా కాదు, అతను పాలసీ కొనేవారి తరఫు. కమీషన్ ఇన్సూరెన్స్ కంపెనీ నుంచే వచ్చినా అతని బాధ్యత మాత్రం మీకే. నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చే రిజిస్ట్రేషన్‌తో పనిచేస్తాడు. 2018 నాటి బ్రోకర్ల నిబంధనల్లో, క్లెయిము సంప్రదింపుల్లో ఖాతాదారుకు సాయపడటం అతని పనుల్లో ఒకటిగా రాసి ఉంది. ఇక సర్వేయర్ మూడో మనిషి. అతన్ని నియమించేదీ ఫీజు ఇచ్చేదీ ఇన్సూరెన్స్ కంపెనీ, అయినా ఎవరి పక్షమూ చేరకుండా నష్టాన్ని లెక్కగట్టడం అతని పని. క్లెయిము నడిచినన్నాళ్లూ ఉత్తరాలు ఈ ముగ్గురి మధ్యే తిరుగుతాయి. నష్టపోయిన కంపెనీ ఆ దారిలో ఎక్కడ నిలబడుతుందో తేల్చేది ఆథరిటీ లెటరే.

ఆ ఉత్తరం రెండు వేర్వేరు అధికారాలు ఇస్తుంది. ఒకటి మాట్లాడే అధికారం, రెండోది అందుకునే అధికారం. మొదటిదాని గురించి అందరూ ఆలోచిస్తారు, బ్రోకరు ఏం ఒప్పేసుకుంటాడోనని భయపడతారు. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. ఉత్తరాలు తీసుకోవడంలో ఏముంది, పోస్టుమ్యాన్ పనే కదా అనుకుంటారు. నా దృష్టిలో బరువైనది ఆ రెండోదే.

కారణం 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో ఉంది. ఏజెన్సీ గురించి చెప్పే అధ్యాయంలో 229వ సెక్షన్ ఇలా అంటుంది: యజమాని పని చేసే క్రమంలో అతని ప్రతినిధికి అందిన నోటీసు, తెలిసిన సమాచారం, ఎదుటి పక్షం విషయంలో యజమానికే అందినట్టు లెక్క. అంటే బ్రోకరుకు మెయిల్ చేరిన రోజే మీకు చేరినట్టు. అతను చదివాడా, మీకు పంపాడా, ఆ మెయిల్ చూసే ఉద్యోగి ఆ వారం సెలవులో ఉన్నాడా అన్న ప్రశ్నలతో ఇన్సూరెన్స్ కంపెనీకి పనిలేదు. పత్రాలు పంపడానికి ఇచ్చిన గడువు ఆ రోజు నుంచే నడుస్తుంది. క్లెయిమును తిరస్కరిస్తూ రాసిన ఉత్తరమైతే మరీ కీలకం. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి ఉన్న రెండేళ్ల గడువు ఎప్పుడు మొదలైందన్న వాదనలో ఆ తేదీనే ముందుకొస్తుంది. పాత ఫైర్ పాలసీల్లో, తిరస్కరించిన 12 నెలల్లోగా కోర్టుకు వెళ్లకపోతే క్లెయిమును వదులుకున్నట్టేనని చెప్పే షరతు ఉండేది. అది ఎంతవరకు చెల్లుతుందన్నది కోర్టుల్లో నలిగిన వివాదం. ఏ షరతు ప్రకారం లెక్కేసినా, ఆ ఉత్తరం బ్రోకరు ఇన్‌బాక్సులో రెండు నెలలు పడి ఉంటే ఆ రెండు నెలలూ మీవే పోతాయి.

మరి బ్రోకరు మీద నియమం లేదా అంటే, ఉంది. ఆ 2018 నిబంధనల్లోని ప్రవర్తనా నియమావళి, క్లెయిము గురించి ఖాతాదారు ఇచ్చిన సమాచారాన్ని బ్రోకరు ఆలస్యం లేకుండా, ఎట్టి పరిస్థితుల్లోనూ మూడు పనిదినాల్లోగా ముందుకు పంపాలంటుంది. అటు నుంచి ఇటు వచ్చేదానికి మాత్రం, అంటే ఇన్సూరెన్స్ కంపెనీ నిర్ణయాన్ని ఖాతాదారుకు తెలపడానికి, "ఆలస్యం లేకుండా" అన్న మాటే ఉంది, రోజుల లెక్క లేదు. ఆ అంకె వేయాల్సింది మనమే, మన ఉత్తరంలోనే.

ఇప్పుడు ఒక క్లెయిము వెంట నడిచి చూద్దాం. కంపెనీ కల్పితం, వరద మాత్రం నిజం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతమంతా మునిగింది. అక్కడ ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు టోకున సరఫరా చేసే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ గోదాము ఉందనుకుందాం. స్టాకుకు 4 కోట్లకు ఇన్సూరెన్స్ ఉంది. భవనం, ఫర్నిచర్ కలిపితే మొత్తం 5 కోట్లు దాటుతుంది కాబట్టి పాలసీ భారత్ లఘు ఉద్యమ్ సురక్ష. నేల మీద పేర్చిన రెండు వరసల పెట్టెలూ నానిపోయాయి. పై ర్యాకుల్లో ఉన్నవి బాగానే ఉన్నాయి. పాడైన సరుకును తుక్కుగా అమ్మితే వచ్చేది పోను నష్టం 1 కోటి 20 లక్షలు.

సర్వేయర్ వచ్చాడు. పుస్తకాలు చూశాడు. వరద రోజున గోదాములో మొత్తం 5 కోట్ల సరుకు ఉందని తేల్చాడు. ఇన్సూరెన్స్ చేసింది 4 కోట్లకే, అంటే సరుకు విలువలో 80 శాతానికే. ఈ పాలసీలో 15 శాతం వరకు తక్కువ బీమాను పట్టించుకోరు. ఇక్కడ లోటు 20 శాతం ఉంది కాబట్టి ఆ మినహాయింపు దాటిపోయింది. అప్పుడు నష్టాన్ని కూడా అదే దామాషాలో కోస్తారు. 1 కోటి 20 లక్షల్లో 80 శాతం, అంటే 96 లక్షలు. ఎక్సెస్ లాంటి కోతలు ఆ తర్వాత. సర్వేయర్ ఈ లెక్కను బ్రోకరుకు మెయిల్ చేసి, దీనికి మీ సమ్మతి తెలపండి అని అడిగాడు.

క్లెయిములో మలుపు తిరిగే చోటు ఇదే. రిపోర్టు ఇచ్చే ముందు, లెక్కగట్టిన మొత్తానికి నష్టపోయినవారి సమ్మతి తీసుకోవడం మన సర్వేయర్లలో బాగా ఉన్న అలవాటు. ఆ సమ్మతి పెద్ద పత్రమేమీ కాదు. "అసెస్‌మెంట్ మాకు సమ్మతమే" అని ఒక్క లైను మెయిల్ చాలు. మన కథలో ఉత్తరం "పరిష్కరించుకోవడానికి" కూడా అధికారం ఇచ్చింది. బ్రోకరు ఆఫీసులో క్లెయిములు చూసే ఉద్యోగి చేతిలో ఆ వరద తాలూకు ఫైళ్లు ఇంకా చాలా ఉన్నాయి. లెక్క చూశాడు. అంకెలు అంకెలతో సరిపోయాయి, దామాషా సరిగ్గానే వేశారు. సమ్మతి పంపేశాడు. అతను మోసం చేయలేదు, బద్ధకించలేదు. అతనికి తెలియనిది ఒక్కటే.

ఆ 5 కోట్లలో 70 లక్షల సరుకు ఈ కంపెనీది కాదు. తయారీదారు తన సొంత సరుకును నిల్వ కోసం డెలివరీ చలాన్ల మీద పంపి పెట్టుకున్నాడు. పై ర్యాకుల్లో ఉంది, తడవలేదు కూడా. అలా ఇతరుల తరఫున ఉంచుకున్న సరుకును పాలసీలో ప్రత్యేకంగా చేర్చలేదు కాబట్టి, దాన్ని ఈ కంపెనీ స్టాకు విలువలో కలపకూడదు. గోదాము అకౌంటెంట్‌కు ఈ సంగతి కంఠతా వచ్చు. అతను ఆ లెక్కను చూసి ఉంటే ఒక్క నిమిషంలో పట్టేసేవాడు. 70 లక్షలు తీసేస్తే గోదాములో కంపెనీ సొంత సరుకు 4 కోట్ల 30 లక్షలు. బీమా 4 కోట్లు, లోటు 7 శాతమే, 15 శాతం లోపే. అప్పుడు దామాషా కోత ఉండదు, 1 కోటి 20 లక్షలూ లెక్కలోకి వస్తాయి. తేడా 24 లక్షలు. సర్వేయర్ లెక్క ఆ అకౌంటెంట్ కళ్లబడనేలేదు, ఎందుకంటే ఉత్తరాలన్నీ బ్రోకరుకే వెళ్లేలా కంపెనీయే రాసిచ్చింది.

ఇలా జరిగాక వెనక్కి తిరగడం కష్టం. "మా బ్రోకరుకు ఒప్పుకునే అధికారం లేదు, మమ్మల్ని అడిగే చేయమని నోటిమాటగా చెప్పాం" అని కంపెనీ అనొచ్చు. కాంట్రాక్టు చట్టం 237వ సెక్షన్ దానికి అడ్డు నిలుస్తుంది. ప్రతినిధికి అధికారం ఉందని మీ మాటలో మీ ప్రవర్తనో ఎదుటివారిని నమ్మించి ఉంటే, ఆ ప్రతినిధి చేసిన పనికి మీరు కట్టుబడాలి. ఇన్సూరెన్స్ కంపెనీ చేతిలో ఉన్న ఉత్తరంలో "పరిష్కరించుకోవడానికి" అని ఉన్నప్పుడు, మీరు లోపల్లోపల పెట్టిన హద్దు వాళ్లకు తెలియదు. వాళ్లు చదివే కాగితంలో కనిపించని హద్దు వాళ్ల దృష్టిలో లేనట్టే. డిశ్చార్జ్ వోచరు మీద సంతకం పెట్టినంత మాత్రాన పాలసీదారు హక్కులు మూసుకుపోవని ఐఆర్‌డీఏఐ 2015లోనే చెప్పింది నిజమే. కానీ మీ తరఫు మనిషే మనస్ఫూర్తిగా రాసిన సమ్మతి మెయిల్ ఫైల్లో ఉంటే, ఆ పోరాటం నడుము విరిగినట్టే ఉంటుంది.

అదే కంపెనీ, అదే బ్రోకరు, అదే సర్వేయర్. ఉత్తరం మాత్రం వేరుగా ఉందనుకోండి. సర్వేయర్ మెయిల్ బ్రోకరుతోపాటు కంపెనీ అకౌంట్స్ విభాగానికీ వచ్చింది. అకౌంటెంట్ 70 లక్షల సంగతి చెప్పాడు. బ్రోకరు తన విద్య అప్పుడు చూపించాడు. తయారీదారు డెలివరీ చలాన్లు, ఆ సరుకు తమదేనని అతని దగ్గర నుంచి ధ్రువీకరణ ఉత్తరం, ఆగస్టు నెలాఖరుకు బ్యాంకుకు ఇచ్చిన స్టాక్ స్టేట్‌మెంటులో ఆ సరుకు లేదన్న రుజువు, ఈ మూడూ జతచేసి పాలసీ షరతును ఉటంకిస్తూ సర్వేయర్‌కు రాశాడు. సర్వేయర్ ఒప్పుకోవచ్చు, ఇంకా ప్రశ్నలు అడగొచ్చు. కానీ వాదన సకాలంలో, సరైన కాగితాలతో బల్ల మీదకి వచ్చింది. బ్రోకరుకు షరతులు తెలుసు, కంపెనీకి తన సరుకు తెలుసు. ఆథరిటీ లెటర్ ఈ రెండు తెలివిడులనూ కలిపి ఉంచాలి.

అలాంటి ఉత్తరం ఎలా ఉంటుంది? ఒక పేజీ దాటనక్కర్లేదు. ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిముల విభాగానికి రాసి, సర్వేయర్‌కూ బ్రోకరుకూ నకలు పంపేదిగా, దాని సారం ఇలా ఉండొచ్చు:

"ఫలానా నంబరు పాలసీ కింద, ఫలానా తేదీన ఫలానా చోట జరిగిన నష్టానికి సంబంధించిన క్లెయిము విషయంలో మాత్రమే, మా తరఫున మీతోనూ మీరు నియమించిన సర్వేయర్‌తోనూ సంప్రదింపులు జరపడానికి, పత్రాలు సమర్పించడానికి, సమాచారం అందుకోవడానికి మా బ్రోకరుకు అధికారం ఇస్తున్నాం. ఈ క్లెయిముపై మీరు పంపే ప్రతి ఉత్తరం, మెయిల్ అదే సమయంలో కింద తెలిపిన మా చిరునామాకు కూడా పంపాలి. నష్టం మొత్తానికి సమ్మతి తెలపడానికి, క్లెయిమును తగ్గించడానికి లేదా ఉపసంహరించుకోవడానికి, డిశ్చార్జ్ వోచరుపై సంతకం చేయడానికి, క్లెయిము సొమ్ము అందుకోవడానికి బ్రోకరుకు అధికారం లేదు. అవి మా అధీకృత సంతకందారు రాతపూర్వకంగా చేసినప్పుడే చెల్లుతాయి. మేము రాతపూర్వకంగా రద్దు చేసేవరకు, లేదా ఫలానా తేదీ వరకు, ఏది ముందైతే అంతవరకు ఈ అధికారం అమల్లో ఉంటుంది."

ఇందులో ప్రతి వాక్యానికీ ఒక పని ఉంది. పాలసీ నంబరు, నష్టం తేదీ రాయడం వల్ల ఈ వరదకు ఇచ్చిన అధికారం రేపటి అగ్ని ప్రమాదానికి పాకదు. నకలు మాకూ పంపమన్న వాక్యం 229వ సెక్షన్ వల్ల వచ్చే ముప్పుకు విరుగుడు. బ్రోకరు ఆఫీసులో మెయిల్ ఆగిపోయినా మీ దగ్గర ఇంకో ప్రతి ఉంటుంది. అధికారం లేదని చెప్పే వాక్యం ఇన్సూరెన్స్ కంపెనీ చదివే కాగితంలోనే ఉంది కాబట్టి, వాళ్లు తెలియదనలేరు. వీటితోపాటు బ్రోకరుకు విడిగా రాసే ఒప్పంద పత్రంలో, తనకు అందిన ప్రతి ఉత్తరాన్నీ ఒక పనిదినంలో మాకు పంపాలని, మా అనుమతి లేకుండా ఈ పనిని మరో కన్సల్టెంటుకు అప్పగించకూడదని రాసుకోండి.

సంతకం ఎవరు పెట్టాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ అక్కడే చాలా ఉత్తరాలు వెనక్కి వస్తాయి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే బోర్డు తీర్మానం ద్వారా అధికారం పొందిన వ్యక్తి, భాగస్వామ్య సంస్థ అయితే అధికారం ఉన్న భాగస్వామి, సొంత వ్యాపారమైతే యజమాని. గోదాము మేనేజరు తొందరపడి పెట్టిన సంతకం అక్కరకు రాదు. చిరునామాగా ఒక ఉద్యోగి సొంత మెయిల్ కాక, ఆ ఉద్యోగి వెళ్లిపోయినా ఎవరో ఒకరు చూసే ఆఫీసు మెయిల్ ఇవ్వండి.

ఉత్తరంతో మారని సంగతులూ ఉన్నాయి. స్టాకు మీద బ్యాంకు అప్పు ఉంటే, పాలసీలో బ్యాంకు క్లాజు ఉంటుంది, సొమ్ము ముందు బ్యాంకుకే వెళుతుంది. మీరూ మీ బ్రోకరూ కలిసి రాసినా దాన్ని మార్చలేరు, బ్యాంకు రాయాల్సిందే. నష్టం జరగ్గానే తెలియజేయడం, సరుకును మరింత పాడుకాకుండా కాపాడటం పాలసీదారు బాధ్యతలు. ఒకవేళ బ్రోకరు ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పడం మరిచిపోతే, "మా బ్రోకరుకు చెప్పాం" అన్న జవాబు నిలవకపోవచ్చు, ఎందుకంటే అతను మీ మనిషే తప్ప వాళ్ల మనిషి కాదు. అలాగే చిన్న సొంత వ్యాపారి ఎవరైనా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళితే ఫిర్యాదు తానే చేయాలి, బ్రోకరు పేరుతో చేయడం కుదరదు.

ఇక బ్రోకరును మార్చే సందర్భం. ఏడాది తిరిగాక కంపెనీ కొత్త బ్రోకరు ద్వారా పాలసీ రెన్యువల్ చేయించుకుంటుంది. వరద క్లెయిము ఇంకా తేలలేదు. పాత బ్రోకరు పేరిట ఉన్న ఉత్తరం బతికే ఉంటుంది. కొత్తవాడికి పాలసీ ఇచ్చినంత మాత్రాన పాత అధికారం రద్దు కాదు. 208వ సెక్షన్ ప్రకారం, అధికారం రద్దు చేసిన సంగతి ఎదుటి పక్షానికి తెలిసినప్పుడే వాళ్ల విషయంలో అది రద్దయినట్టు. పాత బ్రోకరుతో ఫోన్లో తెగతెంపులు చేసుకుని ఇన్సూరెన్స్ కంపెనీకి రాయకపోతే, వాళ్లు తిరస్కరణ ఉత్తరాన్ని ఆ పాత చిరునామాకే పంపుతారు. చట్టం దాన్ని మీకు అందినట్టే చూస్తుంది. రద్దు ఉత్తరం ఇన్సూరెన్స్ కంపెనీకి, సర్వేయర్‌కు, పాత బ్రోకరుకు ముగ్గురికీ వెళ్లాలి, అందినట్టు రసీదు తీసుకోవాలి. పాత బ్రోకరు దగ్గరున్న క్లెయిము ఫైలంతా, మెయిళ్లతో సహా, తిరిగి తెప్పించుకోవాలి. నిజానికి ఒక క్లెయిము సగం నడిచాక మనిషిని మార్చకుండా, దాన్ని పాతవాడితోనే పూర్తి చేయించడం చాలాసార్లు మంచిది. సర్వేయర్ గోదాములో నిలబడి ఏమన్నాడో, ఏ పత్రం ఎందుకు ఇచ్చారో తెలిసింది అతనికే.

మీ కంపెనీకి బ్రోకరు ఉంటే ఈ వారంలోనే ఆ ఫైలు తీయించి చూడండి. ఏ పాలసీకి ఇచ్చారో, ఏ తేదీ వరకు ఇచ్చారో, సమ్మతి తెలిపే అధికారం అందులో ఉందో లేదో, ఉత్తరాల నకలు మీకు కూడా రావాలని రాసి ఉందో లేదో చదవండి. లేకపోతే కొత్త ఉత్తరం రాసి, పాతది రద్దయిందని ఇన్సూరెన్స్ కంపెనీకి తెలియజేయండి. నష్టం జరగకముందైతే దీనికి పట్టేది ఒక పేజీ, ఒక సంతకం, రెండు స్పీడ్ పోస్టులు.